కళింగపట్నం గాలిలో బూమ్ మేలా, కాలర్ మైక్ మేలా?

తాత, మనవరాలు. ఒడ్డున ఆరబెట్టిన వల పక్కన కూర్చుని మాట్లాడుకుంటారు. రెండు పేజీల సన్నివేశం. వెనుక సముద్రం కనబడాలి, ఒక మూల లైట్‌హౌస్ కనబడాలి. కళింగపట్నంలో సాయంత్రం నాలుగు గంటలకు ఈ చిన్న సినిమా చిత్రీకరణకు కూర్చున్నప్పుడు దర్శకుడు అడిగిన మొదటి ప్రశ్న ఇదే: బూమ్ పట్టుకుంటారా, కాలర్ మైక్ పెడతారా? బూమ్ అంటే చివరన మైక్ బిగించి, నటుడి దగ్గరకు చాపే పొడవాటి కర్ర. కాలర్ మైక్ అంటే చొక్కాకు తగిలించే చిన్న మైక్. డబ్బింగ్‌కు డబ్బు లేదు. తాత పాత్ర వేసినాయన నటుడు కాదు, ఆ ఊరి పెద్దాయన. ఆయన గొంతులోని జీర మళ్లీ స్టూడియోలో దొరికేది కాదు. అందుకని రెండూ పెట్టి, రెండింటినీ వేరు వేరు ట్రాకుల్లో రికార్డు చేశాను. ఆ రెండు ట్రాకులనూ పక్కపక్కన పెట్టి విన్నాక తేలినదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు గాలి సంగతి. మైక్‌లో వినబడే గాలి చప్పుడు నిజానికి గాలి చేసే చప్పుడు కాదు. గాలి మైక్ మొహానికి తగిలి సుడులు తిరుగుతుంది. ఆ సుడుల ఒత్తిడి లోపలి పలచని పొరను నేరుగా తోస్తుంది. అందుకే అది ఈలలా ఉండదు, దబ్ దబ్ అని గుద్దినట్టు ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి ఒక సులువు ఉంది: ఎవరూ మాట్లాడనప్పుడు మీటరు చూడండి. చెవికి పెద్దగా ఏమీ వినబడకపోయినా మీటరు ఎగిరెగిరి పడుతుంటే అది గాలే. చిన్న ఇయర్‌ఫోన్లలో ఇది తెలియదు, చెవిని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు కావాలి.

బూమ్ చివరన ఉన్నది షాట్‌గన్ మైక్, గురిపెట్టిన వైపు శబ్దాన్నే ఎక్కువగా వినే గొట్టం లాంటి మైక్. దానికి మూడు రకాల రక్షణ ఉంది. కొన్నప్పుడు దానితోపాటు వచ్చే స్పాంజి తొడుగు ఇంట్లో ఫ్యాను గాలికి, బూమ్‌ను అటూ ఇటూ తిప్పినప్పటి గాలికి సరిపోతుంది, సముద్రపు గాలికి చాలదు. స్పాంజి మీద వేసే బొచ్చు తొడుగు ఇంకాస్త మెరుగు. సముద్రం ఒడ్డున నిజంగా పనిచేసేది మాత్రం బ్లింప్, అంటే మైక్‌ను రబ్బరు ఊయలలో వేలాడదీసి, చుట్టూ జాలీ గూడు కట్టి, దాని మీద బొచ్చు తొడిగేది. ఇక్కడ కీలకం బొచ్చు కాదు, గూటిలోని ఖాళీ. గాలి సుడులు బయటి బొచ్చు మీదే పుట్టి అక్కడే విరిగిపోతాయి. మైక్ చుట్టూ కదలని గాలి మిగులుతుంది. బొచ్చు తొడుగును మైక్‌కు అంటుకునేలా బిగించి కడితే ఆ ఖాళీ పోతుంది, సగం ఫలితమూ పోతుంది. ఉప్పు గాలికి తడిసి అట్టకట్టిన బొచ్చు కూడా అంతే. షాట్‌కూ షాట్‌కూ మధ్య దాన్ని దువ్వుకోవాలి.

మరి కాలర్ మైక్? దాన్ని చొక్కా లోపల, రొమ్ము మీద అంటిస్తే వస్త్రమే మొదటి తొడుగు అవుతుంది. దాని మీద చిన్న బొచ్చు టోపీ కూడా వేస్తే ఒక మాదిరి గాలికి బ్లింప్ కంటే ప్రశాంతంగా ఉంటుంది. నోటికి జానెడు దూరంలో ఉంటుంది కాబట్టి మాట దగ్గరగా, గట్టిగా వస్తుంది. నా రెండు ట్రాకుల్లో మొదటి వాక్యం వినగానే కాలర్ మైకే గెలిచిందనిపించింది.

రెండో వాక్యంలో ఆ అభిప్రాయం మారింది. పెద్దాయన ఆ రోజు కోసం గంజి పెట్టిన పొందూరు ఖద్దరు చొక్కా వేసుకొచ్చారు. ఆయన వల వైపు వంగిన ప్రతిసారీ చొక్కా కరకరలాడింది. గాలి చప్పుడును కొంతవరకు వడకట్టవచ్చు. బట్ట రాపిడి అలా కాదు, అది మాట ఉండే శ్రుతుల్లోనే ఉంటుంది, తీయబోతే మాటనూ తీసుకుపోతుంది. “తాతగారూ, గంజి పెట్టని చొక్కా ఏదైనా ఉందా?” అని అడిగితే ఇంటి నుంచి పాతది తెప్పించారు. దానితో రాపిడి బాగా తగ్గింది. మైక్‌ను రెండు పొరల మధ్య వదులుగా వదలకుండా, రెండు పక్కలా మెత్తటి టేపుతో చొక్కాకూ ఒంటికీ కలిపి అంటించాను. మైక్, బట్ట, ఒళ్లు కలిసి కదిలితే రాపిడి పుట్టదు. ఒకటి నిలిచి మరొకటి కదిలితేనే పుడుతుంది.

ఇక సముద్రం. కెమెరాకు వెనుక సముద్రం కనబడాలంటే, కెమెరా వైపు నుంచి చాచిన షాట్‌గన్ మైక్ నేరుగా అలల వైపే గురిపెడుతుంది. అప్పుడు దాని ఏకాగ్రత మనకే ఎదురు తిరుగుతుంది. కాలర్ మైక్ అన్ని వైపులా వింటుంది కానీ, నటుడి వీపు అలల వైపు ఉంటే ఆయన ఒళ్లే అలల చప్పుడులోని పదునైన భాగానికి అడ్డుగోడ అవుతుంది. ఈ విషయంలో కాలర్ మైక్‌దే పైచేయి. బూమ్‌ను వాడాలంటే కెమెరా చట్రానికి పైన ఎత్తి, కొనను తాత రొమ్ము వైపు, అంటే ఇసుక వైపు దించాలి. అలలు అప్పుడు మైక్‌కు పక్కన పడతాయి. అలా దించాక వచ్చిన ట్రాకులో అలలు ఉన్నాయి, కానీ మాట వెనుకకు తగ్గి ఉన్నాయి. వింటుంటే ఒడ్డున కూర్చున్నట్టే ఉంది. కాలర్ మైక్ ట్రాకులో మాట ఎంత స్పష్టంగా ఉన్నా, ఆ మనిషి ఏ గదిలోనో ఉన్నట్టు వినబడింది.

నా తీర్పు: కూర్చుని మాట్లాడే సన్నివేశానికి, బ్లింప్ ఉంటే, బూమ్‌నే ప్రధానంగా పెట్టుకోండి, కాలర్ మైక్‌ను ఆదరువుగా ఉంచండి. నడుస్తూ మాట్లాడే దూరపు షాట్‌కు కాలర్ మైక్ తప్ప దారి లేదు. బ్లింప్ లేక స్పాంజి మాత్రమే ఉంటే ఒడ్డున బూమ్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఇప్పటి 32 బిట్ ఫ్లోట్ రికార్డర్లు కాపాడతాయని కొందరు నమ్ముతారు. అవి రికార్డర్‌లో లెవెల్ దాటిపోకుండా కాపాడతాయి. గాలి దెబ్బకు మైక్‌లోనే చెడిపోయిన శబ్దాన్ని ఏ రికార్డరూ బాగుచేయలేదు. ఎడిటింగ్‌లో రెండు ట్రాకులనూ ఒకేసారి తెరిచి ఉంచకండి. బూమ్‌కు మాట కాలర్ మైక్ కంటే ఒక మిల్లీసెకను పైచిలుకు ఆలస్యంగా చేరుతుంది. రెండూ కలిస్తే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు బోలుగా మారుతుంది.

చీకటి పడే వేళకు దీపాలు కావాలన్నారు, జనరేటర్ వచ్చింది. దీని విషయంలోనూ రెండు దారులున్నాయి: దూరంగా పెట్టి పొడవైన కేబుల్ లాగడం, లేదా బ్యాటరీ దీపాలతో గడిపేయడం. తక్కువ శ్రుతులను కోసేసే లో కట్ మీట నొక్కితే జనరేటర్ మోత పోతుందన్నది పెద్ద అపోహ. నిమిషానికి 1500 సార్లు తిరిగే నాలుగు సిలిండర్ల డీజిల్ జనరేటర్ మోతకు మూలం 50 హెర్ట్జ్ దగ్గర ఉన్నా, దాని గుణిజాలు 100, 150, 200 దగ్గర ఉంటాయి. మగవాడి గొంతు మొదలయ్యేది కూడా అక్కడే. 80 హెర్ట్జ్ దగ్గర కోస్తే కింది గుర్రు మాత్రమే పోతుంది. షాట్‌గన్ మైక్ గొట్టం కూడా ఇంత తక్కువ శ్రుతులను పక్కకు నెట్టలేదు, దాని పదునంతా పై శ్రుతుల దగ్గరే.

మిగిలింది దూరమే. ఆరుబయట దూరం రెట్టింపైతే మోత 6 డెసిబెల్స్ తగ్గుతుంది. జనరేటర్‌ను 40 మీటర్ల నుంచి 80 మీటర్లకు జరిపితే వచ్చే లాభం అంతే. బూమ్‌ను నోటికి మీటరు దూరం నుంచి అరమీటరుకు దించితే, మోతతో పోలిస్తే మాటకు వచ్చే లాభం కూడా అంతే. అందుకే ముందు బూమ్ దించుకుని, ఆ తర్వాతే జనరేటర్ జరపమంటాను. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్‌ను 80 మీటర్లు లాగి రెండు కిలోవాట్ల దీపాలు వేస్తే సుమారు 10 వోల్టులు తగ్గుతాయి, అది ఇబ్బంది కాదు. కానీ చుట్టను పూర్తిగా విప్పాలి, చుట్టలోనే వదిలేస్తే వేడెక్కుతుంది.

జనరేటర్ ఆయన బండిని సరుగుడు తోట వెనుక ఆపి, “ఇక్కడైతే వినబడదు కదండీ?” అన్నారు. కనబడలేదు కానీ బాగా వినబడింది. నాలుగు వరసల చెట్లు కంటికే తెర, చెవికి కాదు. ఇసుక దిబ్బ వెనుకకు దించి, పొగగొట్టాన్ని ఊరి వైపు తిప్పాక తేడా తెలిసింది. గాలి కూడా తోడైంది. సాయంత్రం గాలి సముద్రం నుంచి నేల వైపు వీస్తోంది, జనరేటర్ నేల వైపు ఉంది. గాలికి ఎదురుగా ప్రయాణించే శబ్దం పైకి వంగిపోతుంది, నేల మీద ఉన్న మనకు తక్కువ చేరుతుంది. మర్నాడు తెల్లవారుజామున అదే చోట అదే జనరేటర్ మోత పెరిగింది. రాత్రి నేల చల్లబడ్డాక గాలి తిరగబడి, నేల నుంచి సముద్రం వైపు వీస్తోంది మరి. ఉదయం గాలి నెమ్మది, మైక్‌కు సుఖం, కానీ జనరేటర్‌కు చోటు మారాలి. ఆ ఉదయం జనరేటర్ ఆపేసి 60 వాట్ల ఎల్‌ఈడీ దీపాన్ని 95 వాట్-అవర్ల బ్యాటరీతో వెలిగించాం. అది గంటన్నర దాకా వస్తుంది. రెండు పేజీల సన్నివేశానికి బ్యాటరీయే మేలు. కేబుల్ దారి రాత్రి పెద్ద సన్నివేశాలకు.

ఇంటి భాగం విజయనగరంలో, మూడు లాంతర్ల కూడలికి కాస్త ఎడంగా ఒక పాత ఇంట్లో తీశాం. ఇక్కడ లెక్క తలకిందులైంది. గట్టి గచ్చు, సున్నపు గోడల మధ్య షాట్‌గన్ మైక్ మాటతోపాటు గోడల ప్రతిధ్వనిని కూడా వింటుంది, గొంతు రంగు మారుతుంది. వీధి వైపు కిటికీ మూసి, బొంతలు వేలాడదీసినా ఆటోల గుర్రు తగ్గలేదు. బొంత గదిలోని ప్రతిధ్వనిని మింగుతుంది కానీ బయటి మోతను ఆపదు. ఇక్కడ కాలర్ మైకే ప్రధానమైంది. హారన్ పడిన ప్రతి మాటనూ షాట్ కాగానే కెమెరా లేకుండా, అక్కడే, అదే మైక్‌తో మళ్లీ చెప్పించాను. రేపు అని వాయిదా వేస్తే పెద్దాయన ఆ వేగంతో, ఆ ఊపిరితో చెప్పలేరు.

చివరికి రూమ్ టోన్, అంటే ఎడిటింగ్‌లో మాటల మధ్య ఖాళీల్లో అతికించుకునే ఆ చోటి నిశ్శబ్దం. అందరూ తమ తమ చోట్లలోనే ఉండగా, ఫ్రిజ్, దీపాలు షాట్‌లో ఎలా ఉన్నాయో అలాగే ఉంచి, మైక్‌నూ లెవెల్‌నూ మార్చకుండా ఒక నిమిషం మౌనం రికార్డు చేయాలి. రెండు మైకులూ వాడితే రెండింటికీ కావాలి. కాలర్ మైక్ మాటల మధ్య బూమ్ నిశ్శబ్దాన్ని అతికిస్తే ఆ అతుకు చెవికి తెలిసిపోతుంది. ఒడ్డున మాత్రం నిమిషం చాలదు. ఒకే అల మళ్లీ మళ్లీ విరిగితే వినేవాడు పట్టేస్తాడు. అక్కడ నేను మూడు నిమిషాలు రికార్డు చేశాను. ఆ మూడు నిమిషాలూ మనవరాలు పాప వల మీద చేతులు పెట్టుకుని ఊపిరి బిగబట్టినట్టు కూర్చుంది, “అయిపోయిందా అంకుల్?” అన్న మాట ట్రాకు చివర అలాగే ఉంది.