మొలలకు ట్యూబా, సూదా, వేలితో పరీక్షా: ఏది మేలు?

నల్లగొండలో సర్జరీ ఓపీ చూస్తుంటే రోజూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇది: "సారూ, మొలలకు ట్యూబు రాసుకుంటే తగ్గుతదా, సూది ఏపిచ్చుకోవాల్నా?" అవి మొలలేనని అప్పటికే తేలిపోయి ఉంటుంది. ఎవరు చెప్పారని అడిగితే మెడికల్ షాపతను, లేదంటే పక్కింటాయన. చూసి చెప్పినవాళ్లు మాత్రం ఎవరూ ఉండరు.

చాలామందిలో వాళ్లు చెప్పింది నిజమే అవుతుంది. మొలలు, లేకపోతే ఫిషర్, అంటే మలద్వారం దగ్గర చర్మం చీలడం. మలద్వారంలో క్యాన్సర్ అరుదు. చిక్కు ఏమిటంటే, మలద్వార నాళం అంతా కలిపి నాలుగు సెంటీమీటర్లే. అంత చిన్న చోట ఏ జబ్బు వచ్చినా బయటికి కనిపించేవి అవే: రక్తం, నొప్పి, దురద, గడ్డ. ఎర్రటి రక్తమైతే మొలలే, నల్లగా ఉంటేనే భయం అని మన దగ్గర ఒక నమ్మకం ఉంది. ఇక్కడ అది పనికిరాదు. ద్వారం అంచునే పుండు ఉంటే దాన్నుంచి వచ్చేదీ ఎర్రటి తాజా రక్తమే. ఈ క్యాన్సర్ వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి మొదట కనిపించేది అదే.

రంగు కంటే నేను ఎక్కువగా నమ్మేది రెండింటిని: ఎన్నాళ్లుగా ఉంది, వేలికి ఎలా తగులుతోంది. మొలలు వచ్చిపోతుంటాయి. మలబద్ధకం అయితే లేస్తాయి, విరేచనం సాఫీగా అయితే అణుగుతాయి. బయటి మొలలో రక్తం గడ్డకట్టి నీలంగా ఉబ్బితే రెండు మూడు రోజులు ప్రాణం తోడేస్తుంది, తర్వాత మెల్లగా తగ్గుతూ వస్తుంది. ఫిషర్ నొప్పి మోషన్‌తో మొదలై గంటో రెండు గంటలో కోసినట్టుంటుంది, అప్పటికి సర్దుకుంటుంది. క్యాన్సర్ గడ్డకు ఈ ఎక్కిదిగడాలు ఉండవు. వచ్చింది వచ్చినట్టే ఉండి, మెల్లగా పెరుగుతుంది. నొప్పి మోషన్‌తో సంబంధం లేకుండా రాత్రిపూట కూడా ఉంటుంది. జిగురు కారి బట్ట తడుస్తుంది. మలం సన్నబడుతుంది, వెళ్లొచ్చినా ఇంకా మిగిలినట్టే అనిపిస్తుంది. ఇవన్నీ ఒకేసారి కనబడాలని లేదు.

ఇక ట్యూబు, సూది, పరీక్షల్లో ఏది?

ట్యూబు రాసుకోవడం తప్పు కాదు. నీళ్లు, పీచు, వేడినీళ్ల టబ్బులో కూర్చోవడం, వీటితో రెండు మూడు వారాలు చూడొచ్చు. నేను గీసుకున్న గీత మూడు వారాలు. అప్పటికీ రక్తం, గడ్డ, నొప్పి ఉన్నట్టే ఉంటే ఇంకో ట్యూబు కొనడం కాదు, చూపించుకోవాలి. చేతికి గట్టిగా తగిలే గడ్డయితే ఆ మూడు వారాలు కూడా వద్దు.

సూది దగ్గర నాకు కోపం వస్తుంది, దాచుకోను. సరైన మొలకు, సరైన చోట వేస్తే అది మంచి వైద్యమే. కానీ లోపల చూడకుండా, "గ్యారంటీ" బోర్డు కింద కూర్చోబెట్టి ఏదో మందు ఎక్కిస్తే అక్కడ పుండు పడుతుంది, మచ్చ కట్టి దారి ఇరుకవుతుంది. ఆ తర్వాత మా వేలికి తగిలే గట్టిదనం జబ్బుదా, సూదిదా అన్నది తేల్చడమే కష్టం. ఆపరేషన్‌లో కోసి తీసిన ముక్క అనుమానంగా ఉన్నా ల్యాబుకు పంపకుండా పారేయడం ఇంకో పొరపాటు.

కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీ వేరే సంగతి. నలభై దాటినవాళ్లకు రక్తం పడితే పైభాగం చూడటానికి అది కావాలి. వేలి పరీక్షకు బదులు మాత్రం కాదు.

నా ఓటు వేలి పరీక్షకే. ఎడమ పక్కకు తిరిగి మోకాళ్లు ముడుచుకుని పడుకుంటే, జెల్లీ రాసిన గ్లవ్‌తో రెండు నిమిషాల పని. మామూలు లోపలి మొల మెత్తగా ఉంటుంది, చాలాసార్లు వేలికి తెలియనే తెలియదు. అందుకే ప్రాక్టోస్కోపు అనే చిన్న గొట్టం పెట్టి కూడా చూస్తాం. అదే కిటుకు: గట్టిగా తగిలిందంటే అది మామూలు మొల కాదు. ఫిషర్ నొప్పితో వేలు పెట్టనివ్వకపోతే మందులిచ్చి రెండు వారాలకు రమ్మంటాం, అప్పటికీ కాకపోతే మత్తులో చూస్తాం. ఫిషర్ సాధారణంగా మధ్య గీతలో, వెనకవైపు ఉంటుంది. పక్కకు ఉన్నా, ఎనిమిది వారాలకు మానకపోయినా దాన్ని ఫిషర్ అని వదిలేయకూడదు.

దేవరకొండ వైపు నుంచి ఒకామెను కోడలు తీసుకొచ్చింది. యాభై రెండేళ్లు, పత్తి ఏరే పని. "ఏడు నెలల సంది రక్తం పడ్తుంది సార్, అత్తమ్మ ఎవ్వరికీ చూపియ్యదు." మూడు ట్యూబులు అయ్యాయి, ఒకచోట మూడు సూదులు కూడా. ఎక్కడా పడుకోబెట్టి చూడలేదు. కుర్చీలో ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. మా సిస్టర్ పక్కన ఉంటేనే పరీక్షకు ఒప్పుకుంది.

బయటి నుంచి చూస్తే పాత మొల తాలూకు చర్మపు మడత ఒకటి, అంతే. వేలు రెండు సెంటీమీటర్లు లోపలికి పోయేసరికి కుడివైపు పచ్చి జామకాయ ముక్కలా తగిలింది. అంచులు లేచి, మధ్యలో గుంట. కదిపితే కండరంతో పాటే కదిలింది. గ్లవ్ మీద రక్తం. గజ్జలో ఒక బిళ్ల కూడా ఉంది. కాళ్లకు చెప్పుల్లేకుండా చేలో తిరిగేవాళ్లకు పుండ్ల వల్ల గజ్జల్లో బిళ్లలు మామూలే, కానీ ఇక్కడ వదలడానికి లేదు. సూదితో తీసి పరీక్షకు పంపితే అందులో క్యాన్సర్ కణాలు లేవు. లోపలి ముక్క బయాప్సీ మాత్రం స్క్వామస్ సెల్ కార్సినోమా అని వచ్చింది, మలద్వారంలో ఎక్కువగా వచ్చే క్యాన్సర్ రకం అది.

"మొలలు ముదిరి ఇట్లయిందా సార్?" అని అడిగింది కోడలు. కాదు. మొలలు క్యాన్సర్‌గా మారవు. ఈ రకానికి ఎక్కువగా కారణం హెచ్‌పీవీ వైరస్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యేదే. గర్భాశయ ముఖద్వారంలో ముందే అలాంటి మార్పులు కనిపించినవాళ్లు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు, కిడ్నీ మార్పిడి తర్వాత మందులు వాడేవాళ్లు, పొగతాగేవాళ్లు అయితే నేను ఇంకా తొందరగా బయాప్సీకి పోతాను.

అత్తమ్మ భయం వేరే. మలం కోసం పొట్ట మీద సంచి పెడతారేమోనని. ఒకప్పుడు మలద్వారం మొత్తం తీసేసేవాళ్లు. ఇప్పుడు చాలామందికి మొదటి వైద్యం రేడియేషన్, దాంతో పాటు ఫ్లోరోయురాసిల్, మైటోమైసిన్ మందులు. ఎంఆర్ఐ, సీటీ అయ్యాక హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి పంపాం. సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఐదున్నర వారాలు. చర్మం కమిలి, మోషన్‌కు పోవాలంటే ఏడ్చింది. అయిపోయిన రెండు నెలలకు చూస్తే ఇంకా కొంచెం గట్టిగానే తగిలింది. కోడలికి టెన్షన్ పట్టుకుంది. ఈ గడ్డ మెల్లగా కరుగుతుంది, ఆరు నెలల దాకా ఆగి చూడాలి, పెరుగుతుంటే తప్ప ముందే కోతకు తొందరపడకూడదు అని చెప్పాను.

మొన్న ఆరో నెలలో వచ్చింది. కుడివైపు దారం మందాన మచ్చ తగిలింది, అంతే. సంచి లేదు. కుర్చీలో తిన్నగా కూర్చుని, పత్తికి ఎప్పటి నుంచి పోవచ్చో అడిగింది.