మెడికల్ లీవులో ఉండి రాజీనామా చేస్తున్నారా? జాగ్రత్త, ఫోన్‌లో చెప్తే నోటీసు మొదలు కాదు

మాది నల్లగొండ. ఉద్యోగం హైదరాబాద్‌లో, ఒక ప్రైవేటు కంపెనీలో. 2025 జనవరిలో నడుము డిస్క్ ఆపరేషన్ అయింది. మూడు నెలలు బస్సు, కారు ప్రయాణం పెట్టుకోవద్దని డాక్టర్ గట్టిగా చెప్పారు. జనవరి 20 నుంచి ఏప్రిల్ 5 దాకా సగం జీతంతో మెడికల్ లీవు మంజూరైంది. ఆ లీవులో ఉండగానే, ఇక రోజూ ఎనిమిది గంటలు కూర్చునే పని నా వల్ల కాదని తేలిపోయి రాజీనామా చేశాను. ఆఫీసు గడప తొక్కకుండానే అన్నీ తేల్చుకున్నాను కానీ, మొదట్లో చేసిన ఒక్క పొరపాటుకు డబ్బు పోయింది. ఇంకొకరికి అలా కావద్దని రాస్తున్నాను.

ఫిబ్రవరి 3న హెచ్‌ఆర్ మేనేజర్‌కు ఫోన్ చేసి విషయం చెప్పాను. ఆయన బాగానే మాట్లాడారు. "మీరు రెస్ట్ తీసుకోండి, ఆఫీసుకు రావాల్సిన పని లేదు, ఇవాళ్టి నుంచే నోటీసు అనుకోండి" అన్నారు. నాకు 60 రోజుల నోటీసు. ఫిబ్రవరి 3 నుంచి లెక్కేస్తే ఏప్రిల్ 3తో అయిపోతుంది, లీవు కూడా అప్పటిదాకా ఉంది కదా అని నిశ్చింతగా పడుకున్నాను. మార్చి 6న అదే ఆఫీసు నుంచి వేరే ఆవిడ ఫోన్ చేసి "మీ రెజిగ్నేషన్ మెయిల్ రాలేదండీ" అన్నారు. అప్పటికప్పుడు పంపాను. పంపిన ఆ రోజునే వాళ్లు నోటీసు మొదటి రోజుగా పెట్టుకున్నారు. అంటే చివరి రోజు మే 4కు పోయింది. ఫోన్‌లో మాటిచ్చిన మేనేజర్‌ను అడిగితే "నేను మామూలుగా చెప్పానండీ, ప్రాసెస్ మెయిల్ నుంచే" అన్నారు. నా దగ్గర కాల్ లిస్టు తప్ప ఇంకే ఆధారం లేదు.

నేను ఏప్రిల్ 3కే తప్పుకోవడంతో 31 రోజుల నోటీసు తక్కువ పడింది. నా అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసు తక్కువైతే బేసిక్ లెక్కన కోస్తారని ఉంది. బేసిక్ 18,200, రోజుకు దాదాపు 607 రూపాయలు. మిగిలిన 11 ఈఎల్‌లు అందులో సర్దమని అడిగితే ఒప్పుకున్నారు. మిగతా 20 రోజులకు 12,133 రూపాయలు కోశారు. లీవులు పోయాయి, డబ్బూ పోయింది. కొన్ని కంపెనీల లెటర్లలో బేసిక్ అని కాకుండా మొత్తం జీతం అని ఉంటుంది. అప్పుడు దెబ్బ ఇంకా పెద్దది. రాజీనామా మాట ఎత్తే ముందే ఆ ఒక్క పేరా చదువుకోండి.

అందుకే చెప్తున్నాను, ఫోన్ చేసిన రోజే మెయిల్ కూడా పోవాలి. ఆఫీసు మెయిల్ నుంచి పంపి, మీ సొంత మెయిల్‌కు కాపీ పెట్టుకోండి. రాజీనామా పడగానే ఆఫీసు లాగిన్ ఎప్పుడు ఆపేస్తారో చెప్పలేం. పే స్లిప్పులు, లీవు మంజూరైన మెయిల్, అపాయింట్‌మెంట్ లెటర్ ముందే దించుకోండి. మెయిల్‌కు రెండు రోజుల్లో జవాబు రాకపోతే అదే ఉత్తరాన్ని ప్రింటు తీసి సంతకం పెట్టి, కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు అడ్రస్‌కు స్పీడ్ పోస్ట్ చేయండి. ట్రాకింగ్ రసీదు దాచుకోండి.

ఆ మెయిల్‌లో తేదీలు స్పష్టంగా రాయాలి. ముఖ్యంగా ఈ ప్రశ్న అడగాలి: మెడికల్ లీవు రోజులు నోటీసులో కలుస్తాయా, లేదా? చాలా కంపెనీల్లో నోటీసు టైంలో లీవు పెడితే అన్ని రోజులు నోటీసు పొడిగించే రూల్ ఉంటుంది. నా సెటిల్‌మెంట్ కాగితం మొదటిసారి వచ్చినప్పుడు అదే చూపించి 60 రోజులూ కోయాలని చూశారు. అపాయింట్‌మెంట్ లెటర్‌లో అలాంటి షరతు లేదని, లీవు వాళ్లే మంజూరు చేశారని రెండు కాగితాలూ జతచేసి రాస్తే వెనక్కి తగ్గారు. మీ లెటర్‌లోనే ఆ షరతు ఉంటే నాలాగా వాదించి లాభం ఉండదు. నోటీసు తగ్గించమని డాక్టర్ సర్టిఫికెట్‌తో ముందే కోరాలి, ఒప్పుకుంటే రాతలో తీసుకోవాలి. నేను పంపిన మెయిల్ దాదాపు ఇలా ఉంది:

"మంజూరైన మెడికల్ లీవులో ఉన్నందున ఈ మెయిల్ ద్వారా రాజీనామా చేస్తున్నాను. ఈ రోజు నుంచి నోటీసు లెక్కించి, నా చివరి పనిదినం తేదీని రాతపూర్వకంగా తెలపండి. లీవు రోజులను నోటీసులో కలపవలసిందిగా కోరుతున్నాను. డాక్టర్ ప్రయాణం వద్దన్నందున లాప్‌టాప్, ఐడీ కార్డు కొరియర్‌లో అప్పగిస్తాను. పికప్ ఏర్పాటు చేయండి, లేదా ఎవరి పేరున పంపాలో తెలపండి."

లాప్‌టాప్ దగ్గర కూడా "మీరే వచ్చి ఇవ్వాలి" అన్నారు. డాక్టర్ చీటీ పంపాక కంపెనీయే కొరియర్ అబ్బాయిని ఇంటికి పంపింది. మా తమ్ముడు సీరియల్ నంబర్ కనబడేలా, ఆన్ చేసి చూపించి, ప్యాక్ చేసేదంతా ఒకే వీడియోగా తీశాడు. ఛార్జర్, యాక్సెస్ కార్డు కూడా అందులోనే చూపించాడు. రెండు వారాల తర్వాత ఛార్జర్ రాలేదని ఫోన్ వచ్చింది. వీడియో పంపగానే ఆ మాట ఆగిపోయింది. సామాను అందినట్టు, బాకీ ఏమీ లేనట్టు మెయిల్ వచ్చేదాకా అడుగుతూనే ఉండండి. అది లేకుండా సెటిల్‌మెంట్ ఫైలు కదలదు.

గ్రాట్యుటీలో ఇంకో మోసం జరగబోయింది. నా సర్వీసు ఐదేళ్ల ఏడు నెలలు. ఆరు నెలలు దాటిన ముక్కను పూర్తి ఏడాదిగా తీసుకోవాలి, కాబట్టి ఆరేళ్లు. బేసిక్‌ను 26తో భాగిస్తే 700, దాన్ని 15తో గుణిస్తే ఏడాదికి 10,500, ఆరేళ్లకు 63,000. వాళ్లు మెడికల్ లీవు రెండున్నర నెలలు తీసేసి ఐదేళ్లే అన్నారు, 52,500 వేశారు. జబ్బు వల్ల, లీవు వల్ల సర్వీసు తెగిపోదని అప్పుడు అమల్లో ఉన్న 1972 గ్రాట్యుటీ చట్టంలోనే ఉంది. ఆ సంగతి రాశాక మిగతా 10,500 వేశారు. మీకు ఇలాంటి కోత కనిపిస్తే ఆ లెక్కను రాతలో అడగండి, ఫోన్‌లో తేల్చుకోవద్దు.

జీతం బాకీ సంగతికి వస్తే, నాకు 45 రోజులు పట్టింది. 2025 నవంబర్ 21 నుంచి వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది. రాజీనామా చేసినవాళ్లకు రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలని అందులో ఉంది. ఇప్పుడు తప్పుకునేవాళ్లు ఆ మాట రాసి అడగొచ్చు. గ్రాట్యుటీకి మాత్రం 30 రోజుల గడువు వేరే.

పీఎఫ్‌లో కంపెనీ నా ఎగ్జిట్ తేదీ వేయనేలేదు. దానికి కూడా ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. చివరి పీఎఫ్ వాటా పడి రెండు నెలలు దాటితే మనమే వేసుకోవచ్చు. ఈపీఎఫ్‌ఓ మెంబర్ పోర్టల్‌లో `Manage` కింద `Mark Exit` ఉంటుంది. ఆధార్‌కు లింకైన ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. తేదీని చివరి వాటా పడిన నెలలోనిదే పెట్టాలి. ఒకసారి వేశాక మార్చడం కష్టం, అందుకని కంపెనీ చెప్పిన చివరి తేదీతో సరిచూసుకుని వేయండి.

నేను ఆలస్యంగా తెలుసుకున్నది ఒకటుంది. కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ సాధారణంగా చివరి పనిదినంతోనే ఆగిపోతుంది. ఏప్రిల్ 9న చేయించిన స్కాన్ బిల్లు నాకు తిరిగి రాలేదు. చికిత్స ఇంకా నడుస్తుంటే పరీక్షలు, బిల్లులు చివరి తేదీకి ముందే పెట్టేయండి. అదే బీమా సంస్థలో సొంత పాలసీకి మారడం గురించి కూడా ఉద్యోగంలో ఉండగానే అడగండి.