రోజూ గంటన్నరా, వీకాఫ్ నాడు ఏకబిగినా? ఎన్‌క్లెక్స్ రాసే నర్సుకు ఏది మేలు

రెండు మార్నింగులు, రెండు ఈవినింగులు, రెండు నైట్లు, ఒక వీకాఫ్. ఇలాంటి రోస్టర్‌లో చదువుకు వారానికి పది గంటలు దొరికితే ఎక్కువే. దాన్ని రోజూ గంటన్నరగా పంచాలా, వీకాఫ్ నాడే కూర్చోవాలా?

రోజూ గంటన్నర పద్ధతి నైట్ల దగ్గర తెగుతుంది. నైట్ దిగివచ్చి కొత్త ప్రశ్నలు చేస్తే, తెలిసిన పొటాషియం విలువ కూడా కళ్లముందు నుంచి జారిపోతుంది. అప్పుడు తగ్గిన మార్కు చదువు తక్కువై వచ్చిందో, నిద్ర లేక వచ్చిందో తేలదు.

వీకాఫ్ పద్ధతికి వేరే చిక్కుంది. ఈ రోస్టర్‌లో ఆ రోజు మొదలయ్యేదే నైట్ దిగి, కాబట్టి సగం నిద్రకే పోతుంది. అయినా దీని లాభం కొట్టిపారేయలేం. పరీక్షలో కనీసం 85, గరిష్ఠంగా 150 ప్రశ్నలు, సమయం ఐదు గంటలు. పాతిక ప్రశ్నలతో లేచిపోయే అలవాటున్నవాళ్లకు అరవయ్యో ప్రశ్న దగ్గర ఓపిక నశిస్తుంది.

అందుకే నా ఓటు మూడో దారికి: గంటలను తేదీకి కాదు, షిఫ్టుకు కట్టాలి. వీకాఫ్ నాడు నిద్ర లేచాక సాయంత్రం మూడు గంటలు, ఆపకుండా 85 ప్రశ్నలు. తర్వాతి రెండు మార్నింగ్ డ్యూటీల సాయంత్రాలు, గంటన్నర చొప్పున, వాటి వివరణలకే. కొత్త ప్రశ్న ఒక్కటీ వద్దు. చాలామంది ఇక్కడే తప్పుతారు. జవాబు రాయడం కంటే వివరణ చదవడానికే ఎక్కువ సేపు పడుతుంది, దాన్ని ఎగ్గొడితే అదే తప్పు మళ్లీ వస్తుంది. ఈవినింగ్ డ్యూటీ రోజుల్లో ఉదయం గంటన్నర బలహీనమైన పాఠం, దాని మీద కేస్ స్టడీలు. నైట్లకు అరగంట చాలు, అదీ డ్యూటీకి వెళ్లేముందు, తప్పుల నోట్‌బుక్‌కే.

ఆ నోట్‌బుక్‌లో ప్రతి తప్పు పక్కన కారణం రాయాలి: విషయం తెలియదా, సూచన గమనించలేదా, వార్డు అలవాటు అడ్డొచ్చిందా? మూడోది పనిచేసే నర్సులకు ప్రత్యేకం. పేషెంట్‌కు హఠాత్తుగా ఆయాసం వస్తే వార్డులో చెయ్యి ముందు డాక్టర్ ఫోన్ మీదికి పోవచ్చు. పరీక్ష మాత్రం ముందు తల ఎత్తి కూర్చోబెట్టమంటుంది. ఇలాంటి తప్పుకు పుస్తకం తిరగేసి లాభం లేదు, అలాంటి ప్రశ్నలే మరో పది చేయాలి.

వర్తించేవన్నీ ఎంచుకోమనే ప్రశ్నల్లో ఊహలు విడిగా గుర్తుపెట్టండి. మూడు సరైనవాటితోపాటు ఒక తప్పు ఎంచితే మూడు మార్కుల్లో ఒకటి తగ్గి రెండే మిగులుతాయి (సున్నా కంటే కిందికి మాత్రం పోదు). అనుమానంతో పెట్టిన టిక్కులు ఎక్కువసార్లు తప్పవుతున్నాయని నోట్‌బుక్ చూపిస్తే, వాటిని వదిలేయడమే లాభం.

రోస్టర్ మధ్యలో మారితే వివరణల గంటలు ముట్టుకోవద్దు, కొత్త పాఠాన్నే వచ్చే వారానికి నెట్టండి. నైట్లే లేని నర్సుకైతే రోజూ గంటన్నర పద్ధతే సులువు, వారానికొక పెద్ద బ్లాకు కలుపుకుంటే చాలు.