నాన్న అటక మీద రెండు సీసాలు

నాన్న పోయాక అమలాపురం ఇంట్లో అటక సర్దుతుంటే దుమ్ము పట్టిన రెండు వైన్ సీసాలు దొరికాయి, షిప్ ఉద్యోగంలో ఉన్నప్పుడు తెచ్చుకున్నవి, ఒకటి ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు రెడ్ వైన్, ఇంకోటి పోర్చుగల్ వాళ్ళ మదీరా దీవి వైన్. పైన పెంకులు, మన కోనసీమ ఎండలు, ఇరవై ఏళ్లు.

బోర్డో ఖరీదైనది కదా అని ముందు దాన్నే తీశా. వెనకాల టార్చ్ పెట్టి చూస్తే వైన్ సీసా భుజం కిందకి దిగిపోయి ఉంది, కార్క్ కొంచెం పైకి తన్నుకొచ్చింది, మూత రేకు కింద జిగురు మరక. అంటే వేడికి వైన్ ఉబ్బి కారిపోయింది, ఆ సందులోంచి గాలి లోపలికెళ్ళింది. తీసి వాసన చూస్తే ఉడికిన రేగుపళ్ళు, వెనకాలే వెనిగర్ ఘాటు. పారబోస్తుంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

మదీరా గోధుమ రంగులో ఉంది గానీ దానికది జబ్బు కాదు, దాని రంగే అంత. అందులో స్పిరిట్ కలుపుతారు, పైగా తయారీలోనే నెలల తరబడి వేడిలో పెడతారు, అందుకే మన అటక దాన్నేం చెయ్యలేకపోయింది. కార్క్ మాత్రం పొడిపొడిగా విరిగింది, పల్చటి గుడ్డలో వడకట్టా. కాల్చిన పంచదార, వేయించిన జీడిపప్పు వాసన! తీశాక కూడా నెలలు నిలుస్తుంది, అందుకే అన్నయ్య సంక్రాంతికొచ్చేదాకా సగం దాచా.