ఎక్కువైన ఆర్డరు: పక్క ప్రెస్సులో వేయించాలా, పార్టీనే పంపేయాలా?

పెళ్లి ముహూర్తాలు మొదలైతే చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సుకు ఊపిరాడదు. సరిగ్గా అప్పుడే ఓ స్కూలు వాళ్లు నాలుగు రంగుల ఎ4 పాంప్లెట్లు 5,000, అవీ ఎల్లుండికే కావాలంటారు. మన మిషన్ ఖాళీ లేదు, అదే వీధిలో పోటీ ప్రెస్సు మిషన్ ఖాళీగా ఉంది.

ఆర్డరు మనం తీసుకుని అక్కడ వేయిస్తే పార్టీ మన చేయి జారదు, కానీ పూచీ కూడా మనదే. పార్టీకి 9,000 చెప్పాం, పక్క ప్రెస్సు ఖర్చు, మన పేపరు కలిపి 7,500 అయిందనుకుందాం. మిగిలేది 1,500. రంగు తేడా వచ్చి మళ్లీ వేయాల్సొస్తే అదీ పోయి, పైన చేతి డబ్బు పడుతుంది. ఒకే ఫైలైనా ఇంకు, నీళ్లు పట్టే తీరు మిషన్‌కో రకంగా ఉంటుంది కాబట్టి ఈ తేడా మామూలే. రంగు కుదిరిన షీటు మీద సంతకం పెట్టి, దాన్ని మిషన్ మ్యాన్ ముందు ఉంచాకే రన్ మొదలుపెట్టించాలి.

ఎక్కువ తగువులు పేపరు దగ్గరే వస్తాయి. 18×25 షీటుకు నాలుగు పాంప్లెట్లు పడతాయి గనుక లెక్కకు 1,250 షీట్లు చాలు. సెట్టింగులో పోయేవి కూడా కలిపి 1,400 పంపి, ఆ సంఖ్య డెలివరీ చలాన్ మీద రాసుకుంటే తర్వాత మాట రాదు. కట్టల్లో వాళ్ల విజిటింగ్ కార్డు పెట్టకూడదన్నది కూడా ముందే అనుకోవాలి. మొహమాటపడితే వచ్చే ఏడు ఆ స్కూలు నేరుగా అక్కడికే వెళ్తుంది.

పార్టీనే పంపేస్తే ఈ టెన్షన్ ఉండదు, లాభమూ ఉండదు. మన దగ్గర లేని పనికి, ఉదాహరణకు డై కటింగ్‌తో చేసే స్వీటు డబ్బాలకు, ఇదే మేలు. తెలియని పనికి మధ్యలో నిలబడితే ప్రతి ప్రశ్నకూ ఫోన్ చేసి అడిగి చెప్పాలి. కమీషన్ అడక్కపోవడమే మంచిదని నా లెక్క. డబ్బాల ప్రెస్సు వాళ్లు తమ దగ్గరికొచ్చే బిల్లు బుక్కుల పని మనకు పంపితే చాలు. అలా ఏమీ రావడం లేదంటే పంపడం తగ్గించుకోవచ్చు.

కొరత టైముకే అయితే, మిషన్ దగ్గర కాసేపు నిలబడే తీరిక మనకుంటే, వేయించడమే నయం. ఆ తీరిక లేకపోతే పంపేయాలి.

రాకపోకలుంటే పనికొచ్చే సంగతులూ తెలుస్తాయి. వానాకాలంలో పేపరు తేమ పట్టి సాగి, రంగులు ఒకదాని మీద ఒకటి కూర్చోవు. రేపర్ విప్పకుండా ఒక రోజు మిషన్ గదిలోనే ఉంచమని పక్క ప్రెస్సాయన చెబితే, ఒక రీమైనా మిగులుతుంది.

రేట్ల దగ్గర మాత్రం ఈ స్నేహం ఆగాలి. "టెండరుకు మూడు కొటేషన్లు కావాలి, ఎక్కువ రేటుతో ఒకటి మీ లెటర్‌హెడ్ మీద ఇవ్వండి" అని సాయం అడిగేవాళ్లున్నారు. పోటీదారులు కుమ్మక్కై టెండరు నడపడం, రేటు కట్టుకోవడం కాంపిటీషన్ చట్టం 2002, సెక్షన్ 3 కింద నిషేధం. ఆ కాగితం మీద ఉండేది మన సంతకమే.