స్టికర్ అంచుకి ఏది మేలు: ఆటో కటౌటా, చేత్తో గీసిన అవుట్‌లైనా?

ఫొటోలోంచి మనిషిని విడదీయడం ఇప్పుడు ఫోన్‌లోనే క్షణాల్లో అయిపోతుంది. అయినా చాలా స్టికర్లు చాట్‌లో పడేసరికి మాసిపోయినట్టు కనిపిస్తాయి. లోపమంతా అంచులోనే ఉంటుంది.

ఉంగరాల జుట్టున్న పాప పచ్చని చెట్ల ముందు నిలబడిన ఫొటో తీసుకుందాం. ఆటో కటౌట్ ఒక్కో వెంట్రుకనూ కాపాడాలని చూస్తుంది, అంచు పిక్సెళ్లను సగం పారదర్శకంగా వదిలేస్తుంది. ఆ పిక్సెళ్లలో ఆకుల పచ్చరంగు కూడా కలిసే ఉంటుంది. తెల్లటి చాట్‌లో అది అంతగా తెలియదు. డార్క్ మోడ్‌లో మాత్రం తల చుట్టూ పచ్చటి పొగలా తేలుతుంది. అందుకే కటౌట్ కింద ఒకసారి నల్ల లేయర్, ఒకసారి తెల్ల లేయర్ పెట్టి చూడాలి. చేతికీ నడుముకీ మధ్య సందులో ఆకులు మిగిలిపోవడం కూడా అప్పుడే బయటపడుతుంది.

జింప్ అనే ఫొటో ఎడిటర్‌లో Paths టూల్‌తో అంచు వెంట చేత్తో పాత్, అంటే అవుట్‌లైన్, గీస్తే ఈ బెడద ఉండదు. జుట్టును పోగుపోగుగా కాకుండా ఒక గుండ్రని ఆకారంగా, అసలు అంచుకి కాస్త లోపలగా గీయాలి. కళ్లజోడు, కప్పు, సైకిల్ లాంటి గట్టి అంచులకు దీన్ని మించింది లేదు. కాకపోతే ఓపిక కావాలి. ముప్పై స్టికర్ల ప్యాక్ మొత్తం ఇలాగే గీయాలంటే విసుగొస్తుంది.

నా ఓటు రెండూ కలిపిన పద్ధతికే. ముందు ఆటో కటౌట్ చేసి, దాన్ని జింప్‌లో తెరిచి Alpha to Selection నొక్కండి. తర్వాత Shrink తో రెండు పిక్సెళ్లు లోపలికి లాగి, Invert చేసి, Delete కొడితే రంగంటిన అంచు చాలావరకు పోతుంది. పెద్ద ఫొటో అయితే రెండు చాలవు, నల్ల లేయర్ మీద చూస్తూ పెంచుకోండి. సందులు, వేళ్లు, చెవుల దగ్గర మాత్రం పాత్ గీసి సరిచేయండి.

స్టికర్ చుట్టూ తెల్ల అంచు ఎప్పుడూ చివర్లోనే వేయాలి. ముందే వేసి బొమ్మను చిన్నది చేస్తే అంచు సన్నబడిపోతుంది, ఒక్కో స్టికర్‌కి ఒక్కో మందం వస్తుంది. వాట్సాప్‌కి కాన్వాస్ 512 × 512 ఉండాలి. అంచు 8 పిక్సెళ్లు, దాని బయట ఖాళీ 16 పిక్సెళ్లు ఉంటే బాగుంటుంది. అందుకే బొమ్మ పొడవాటి వైపును 464కి తగ్గించి కాన్వాస్ మధ్యలో పెట్టండి. మళ్లీ Alpha to Selection, ఆపైన Grow 8, కింద కొత్త లేయర్‌లో తెలుపు నింపడం. కొంచెం మిగిలిన మెత్తని అంచు ఈ తెలుపులో కలిసిపోతుంది.

చివరికి Export As తో వెబ్‌పీగా సేవ్ చేయండి. ఫైల్ 100 కేబీ దాటితే క్వాలిటీ కాస్త తగ్గించండి. జేపెగ్‌గా సేవ్ చేస్తే పారదర్శకత మొత్తం పోతుంది.