ముక్కు రింగు ఆర్డర్ పెట్టేముందు: ఆ 8 మి.మీ. లోపలి కొలతా, బయటి కొలతా?

ముక్కు రింగులు, తమ్మెకు అంటిపెట్టుకుని ఉండే చిన్న చెవి రింగులు ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు ఇది హెచ్చరిక. తీగ మందం, రింగు సైజు "20 గేజ్, 8 మి.మీ." అని రాసి ఉంటే సరిపోతుందని నమ్మేయకండి.

నేను తెప్పించిన రింగు పెట్టుకునేటప్పుడే తీగ రంధ్రంలో బిగుసుకుని మంట పుట్టింది. పట్టించాక అది కిందికి వేలాడలేదు, ముక్కుపుట అంచును నొక్కుతూ ఉండిపోయింది. సాయంత్రానికి అక్కడ ఎర్రగా గాడి పడింది. తీసి వెర్నియర్ కాలిపర్‌తో కొలిచాను. తీగ మందం 0.9 మి.మీ., బయటి వ్యాసం 8 మి.మీ. రెండు వైపులా తీగ మందం తీసేస్తే లోపల మిగిలేది 6.2 మాత్రమే. నా రంధ్రం నుంచి ముక్కుపుట అంచుకు 6.5 మి.మీ. ఉంది. ఇక ఆ రింగు పట్టేదెలా?

అమ్మినవాళ్లను అడిగితే "8 మి.మీ. ఉంది కదా" అన్నారు. ఒకసారి పెట్టుకున్నది శుభ్రత దృష్ట్యా వెనక్కి తీసుకోం అని కూడా అన్నారు. రెండో మాటను నేను తప్పుపట్టను. కానీ శరీరానికి తగిలేది లోపలి వ్యాసం. బయటి కొలత ఇచ్చి, అది బయటిదని చెప్పకపోవడం కొనేవాళ్లను ముంచడమే.

గేజ్‌లోనూ ఇలాంటి చిక్కే ఉంది. అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది, కాబట్టి 18 కంటే 20 సన్నం. ముక్కు, చెవులు కుట్టించుకుని పెట్టుకునే నగల్లో 20 గేజ్ అంటే సాధారణంగా 0.8 మి.మీ., 18 అంటే 1 మి.మీ. అయితే గేజ్ పట్టికలు ఒకటి కాదు. అమెరికన్ పట్టికలో 20 గేజ్ 0.81 మి.మీ., బ్రిటిష్ పట్టికలో 0.91. నాకొచ్చింది ఆ రెండోదే అయి ఉంటుంది. 0.8కి అలవాటుపడిన రంధ్రానికి ఆ కాస్త తేడా కూడా తెలుస్తుంది. అలాగని మరీ సన్నం తీగా మంచిది కాదు. బరువైన చెవి రింగు సన్నటి తీగ మీద వేలాడితే రంధ్రం మెల్లగా కిందికి సాగుతుంది.

అందుకే గేజ్ అంకెతో ఆగకుండా తీగ మందం, లోపలి వ్యాసం రెండూ మిల్లీమీటర్లలో రాసిమ్మని అడగండి. మీ కొలతకు సన్నటి కాగితం ముక్కను ముక్కుపుట మీద ఆనించి, రంధ్రం దగ్గర, అంచు దగ్గర పెన్నుతో గుర్తు పెట్టి స్కేలు మీద చూడండి. చెవి తమ్మెకూ ఇదే పద్ధతి. వచ్చిన కొలతకు ఒకటి, ఒకటిన్నర మి.మీ. కలిపితే మీకు కావలసిన లోపలి వ్యాసం. నాకు 8 వచ్చింది. 0.8 తీగతో అలాంటి రింగు బయటి కొలత 9.6 ఉండాలి. పార్సిల్ రాగానే పెట్టుకోకుండా ముందు కొలవండి, తేడా ఉంటే స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసి రిటర్న్ పెట్టండి.